బొమ్మ మీద ఒక మాట, టైటిల్లో మరో మాట

మామిడికాయల రోజులు రాగానే యూట్యూబ్‌లో ఆవకాయ వీడియోలు వరస కడతాయి. చాలావాటిది ఒకటే తీరు. థంబ్‌నెయిల్ మీద లావుపాటి పసుపు అక్షరాల్లో ‘ఏడాది నిల్వ ఉండే ఆవకాయ’ అని ఉంటుంది. దాని కిందే టైటిల్లో మళ్లీ అదే. ఫోను తిప్పుతూ పోయేవాళ్ల చూపు ఒక వీడియో దగ్గర ఆగేది క్షణకాలమే. ఆ కాస్త వ్యవధిలో రెండు చోట్లా ఒకే మాట చెబితే ఒక చోటు వృథా అయినట్టే.

నిజానికి ఉన్నవి మూడు చోట్లు: బొమ్మ, బొమ్మ మీది అక్షరాలు, టైటిల్. జాడీలో ఎర్రటి ముక్కల మీద నూనె తేలుతూ కనిపిస్తుంటే అది ఆవకాయ అని తెలుగువాళ్లకు విడిగా చెప్పక్కర్లేదు. ఆ పని బొమ్మే చేసేసింది. మిగతా రెండింటికీ వేరే పనులు అప్పగించాలి.

టైటిల్ పని వెతికేవాళ్లకు దొరకడం. బొమ్మ కనపడని చోట కూడా టైటిల్ ఉంటుంది. చూపు లేనివాళ్లకు ఫోను చదివి వినిపించేది దాన్నే. అందుకని టైటిల్ ఒంటరిగా నిలబడాలి, వంటకం పేరు అందులో తప్పకుండా ఉండాలి. చాలామంది తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి వెతుకుతారు కాబట్టి చివర avakaya pachadi అని చేర్చడం మంచిదే. టైటిల్‌కు 100 అక్షరాల దాకా చోటిస్తారు గానీ, ఫోనులో చివరి భాగం తెగిపోవచ్చు. ముఖ్యమైన మాట ముందే రావాలి. థంబ్‌నెయిల్ మాటకు ఈ బరువు లేదు. పక్కనే టైటిల్ ఉంటుంది కనుక అది సగంలో ఆగినా ఫర్వాలేదు.

మన ఆవకాయ వీడియోనే తీసుకుందాం. అందులో చెప్పదలచిన అసలు విషయం పచ్చడి ఎందుకు పాడవుతుందన్నది. ముక్కలకు తడి మిగిలినా, ఉప్పు తగ్గినా, పైన నూనె తేలకపోయినా బూజు పడుతుంది. ఇప్పుడు టైటిల్‌ను ‘ఆవకాయ ఏడాది నిల్వ ఉండాలంటే ఉప్పు, నూనె కొలతలు’ అని పెడదాం. బొమ్మలో మూత తీసిన జాడీ, అంచున తెల్లటి బూజు. దాని మీద ‘మూడో నెలకే బూజు!’ అన్న మూడు మాటలు చాలు. థంబ్‌నెయిల్ భయాన్ని చూపించింది, టైటిల్ దారి చూపిస్తానంది. రెండూ కలిపి చదివితేనే కథ పూర్తవుతుంది. ఒకదాన్ని వేలితో మూసి చూడండి. ఏమీ తగ్గినట్టు అనిపించకపోతే ఆ రెండూ ఒకే మాట చెబుతున్నట్టు లెక్క.

అలాగని మాట మళ్లీ రావడమే తప్పని కాదు. గోంగూర పచ్చడి, తోటకూర పులుసు చిన్న బొమ్మలో ఇంచుమించు ఒకేలా ఉంటాయి. అక్కడ పేరు బొమ్మ మీద కూడా రాయాల్సిందే. వరసగా వచ్చే పాఠాల్లో ‘భాగం 4’ అన్నది రెండు చోట్లా ఉంటే చూసేవాళ్లకే మేలు. గుర్తుపట్టడానికి పనికొచ్చే పునరుక్తి ఉండనివ్వండి. చోటు నింపడానికి వచ్చిందాన్ని తీసేయండి.

తెలుగులో రాసేవాళ్లకు ఇంకో చిక్కుంది. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు వస్తాయి. వీడియో పక్కన వరసలో థంబ్‌నెయిల్ చిన్నదైపోయినప్పుడు ముందుగా అలుక్కుపోయేవి ఆ ఒత్తులే. ‘సంవత్సరం’ కన్నా ‘ఏడాది’ తేలిగ్గా చదవగలం. మూడు నాలుగు మాటలకు మించకుండా, ఒత్తులు తక్కువున్నవి ఎంచుకుంటే మంచిది. కుడివైపు కింది మూలను ఖాళీగా వదిలేయండి. వీడియో నిడివి చూపే అంకెలు అక్కడే పడతాయి.

బూజు అని ఊరించాక ఆ బూజు వీడియోలో ఉండి తీరాలి, అదీ మొదట్లోనే. నొక్కినవాళ్ల శాతం పెరిగి, చూసిన సగటు సమయం పడిపోతుంటే థంబ్‌నెయిల్ ఇచ్చిన మాటను వీడియో నిలబెట్టుకోలేదేమోనని అనుమానించాలి. టైటిల్లోనో థంబ్‌నెయిల్లోనో చెప్పింది వీడియోలో లేకుండా దారుణంగా మోసగించే వాటిపై భారత్‌లో చర్యలు తీసుకుంటామని యూట్యూబ్ 2024 డిసెంబరులోనే ప్రకటించింది.

ఏ మాట పనిచేస్తుందో ఊహించుకోనక్కర్లేదు. యూట్యూబ్ స్టూడియోలో ఒకే వీడియోకు మూడు థంబ్‌నెయిళ్ల దాకా పెట్టి పోల్చవచ్చు. బొమ్మ మార్చకుండా ఒకదాని మీద పాత మాట, ఒకదాని మీద కొత్త మాట, ఒకటి అక్షరాలే లేకుండా పెట్టి చూడండి. అక్కడ గెలుపు తేల్చేది ఎంతమంది నొక్కారన్నది కాదు, ఎంతసేపు చూశారన్నది.