మూల గడిలో కాయకు ఎందుకంత గండం?

అష్టాచెమ్మా ఆడినవాళ్లకు ఒక సంగతి అనుభవంలో తెలిసే ఉంటుంది. కాయ ఎక్కడ చస్తుందా అని చూస్తే పటం నాలుగు మూలల దగ్గరే ఎక్కువగా చస్తుంది. మూలకు శాపమేమీ లేదు, అక్కడ లెక్క అలా కుదిరింది. ఆ లెక్క తెలియాలంటే నాలుగు గవ్వలు ఎలా పడతాయో, పటంలో ఇంటూ గుర్తులు ఎంతెంత దూరంలో ఉన్నాయో రెండూ కలిపి చూడాలి. 2008లో వచ్చిన సినిమా వల్ల ఆట పేరు అందరికీ తెలుసు గానీ, గచ్చు మీద సుద్దముక్కతో పటం గీసే చేతులు మాత్రం తగ్గాయి. అందుకే మొదటి నుంచి చెబుతాను.

అడ్డంగా ఐదు, నిలువుగా ఐదు, మొత్తం 25 గడులు. ఒక్కో వైపున సరిగ్గా మధ్య గడిలో ఇంటూ గుర్తు వేస్తారు. అది ఆ వైపు కూర్చున్నవాళ్ల ఇల్లు. పటం నడిమధ్య గడిలోనూ ఇంటూ వేస్తారు, అక్కడికి చేరిన కాయ పండినట్టు. కాయ తన ఇంటి నుంచి బయలుదేరి బయటి వరుసలోని 16 గడులూ చుట్టి, తన ఇంటికి ముందు గడి నుంచి లోపలి వరుసలోకి తిరుగుతుంది. అక్కడి 8 గడులను ఎదురు దిశలో చుట్టి నడిమధ్యకు చేరుతుంది. ఇంటూ గడి ఎవరి ఇల్లయినా సరే, అందులో ఉన్న కాయను ఎవరూ చంపలేరు. అక్కడ రెండు పక్షాల కాయలూ పక్కపక్కనే కూర్చోవచ్చు.

ఇక పందెం సంగతి. గవ్వ నోరు పైకి వచ్చేలా పడితే వెల్లకిలా, వీపు పైకి వస్తే బోర్లా అందాం. ఒకటి వెల్లకిలా పడితే ఒకటి, రెండు పడితే రెండు, మూడు పడితే మూడు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్ట, అంటే ఎనిమిది. చెమ్మ పడినా అష్ట పడినా మళ్లీ వేసే అవకాశం వస్తుంది.

ప్రతి గవ్వ వెల్లకిలా పడటానికీ బోర్లా పడటానికీ సమాన అవకాశం ఉందని ప్రస్తుతానికి అనుకుందాం. నాలుగు గవ్వలు పడే తీరులు మొత్తం 16. వాటిలో రెండు పడే తీరులు 6, ఒకటి పడేవి 4, మూడు పడేవి 4. చెమ్మకు ఒకే తీరు, అష్టకూ ఒకే తీరు. అంటే ఎక్కువసార్లు పడేది రెండే.

ఇప్పుడు ఈ లెక్కను పటం మీద పెట్టి చూడండి. ఒక ఇంటి నుంచి తరవాతి ఇంటికి బయటి వరుసలో సరిగ్గా నాలుగు గడుల దూరం. కాబట్టి చెమ్మ, అష్ట కాయను ఇంటి నుంచి ఇంటికే చేరుస్తాయి. అరుదుగా పడే ఆ రెండు పందాలే క్షేమమైనవి. ఎక్కువగా పడే రెండు మాత్రం కాయను తీసుకెళ్లి మూలలో కూర్చోబెడుతుంది. వెనక ఇంట్లో ఎదుటివాళ్ల కాయ కాచుకుని ఉంటే, దానికి మీ కాయ అందే దూరమూ రెండే. 16లో 6 వంతుల గండం. పటం గీసిన పెద్దలు ఇదంతా లెక్కగట్టే చేశారని నేననను. కానీ ఆటకు బిగువు తెచ్చింది మాత్రం ఈ అమరికే.

ఒక ఎత్తు చూద్దాం. ఎదుటివాళ్ల కాయ ఒక ఇంట్లో ఉంది. అదే ఇంట్లో మీ కాయ కూడా ఒకటి ఉంది. మీదే ఇంకో కాయ వాళ్లకు రెండు గడుల ముందు మూలలో ఉంది. మీకు మూడు పడింది. ఇంట్లో ఉన్న కాయను కదిపితే అది మూడు గడుల ముందుకు పోయి నిలుస్తుంది, మూలలోది మూలలోనే ఉంటుంది. అప్పుడు వాళ్లకు రెండు పడినా పండగే, మూడు పడినా పండగే. 16లో 10 వంతులు మీ కాయ ఒకటి చచ్చినట్టే. అలా కాకుండా మూలలోని కాయనే జరిపితే అది వాళ్లకు ఐదు గడుల దూరంలోకి పోతుంది. ఒక్క పందెంలో ఐదు పడదు. ముందు చెమ్మ పడి, ఆ వెంటనే ఒకటి పడాలి. దాని అవకాశం 64లో 1. అదే మూడు, అదే పటం, కానీ తేడా ఎంతో చూశారు కదా! మీరు చేరిన గడికి ఒక గడి వెనక ఇంకో ఇల్లు ఉంటుంది. అందులో వాళ్ల కాయ మరొకటి కూర్చుని ఉంటే మాత్రం ఈ లెక్క చెల్లదు.

చంపితే ఏమొస్తుందన్నది ఇంటింటికీ మారుతుంది. ఎదుటి కాయ ఉన్న గడిలో సరిగ్గా పడితేనే చంపినట్టు, దాటిపోతే చంపినట్టు కాదు. చచ్చిన కాయ తన ఇంటికి పోయి మొదటి నుంచి మొదలుపెట్టాలి. చంపినవాళ్లకు ఇంకో పందెం దక్కుతుంది. ఇంతవరకు చాలాచోట్ల ఒకటే. చెమ్మో అష్టో పడితేనే కాయ మళ్లీ పటం ఎక్కాలని కొన్ని ఇళ్లలో పట్టుబడతారు. ఆ రెండింటి అవకాశం కలిపి 8లో 1 కాబట్టి చచ్చిన కాయ సగటున ఎనిమిది పందాలు ఎదురుచూడాలి. ఒక్క కాయనైనా చంపనివాళ్లకు లోపలి వరుసలోకి దారి లేదనే నియమం కూడా ఉంది. నాకు బాగా నచ్చేది అదే. అది లేకపోతే పిరికివాడు ఇంటి నుంచి ఇంటికి దాక్కుంటూ పోయి నెగ్గేస్తాడు. అది ఉంటే ఎవరైనా ఏదో ఒక సమయంలో ఇల్లు వదిలి వేటకు దిగాల్సిందే. లోపలి వరుసలో దాక్కునే ఇళ్లు లేవు. అక్కడ చివరి గడిలో చచ్చిన కాయ నడిచిన 23 గడులూ పోతాయి.

గవ్వ రెండు వైపులా సమానంగా పడుతుందని అనుకుని ఇంతదాకా లెక్క వేశాం. నిజానికి గవ్వ నాణెం కాదు. వీపు గుండ్రంగా, నోటివైపు చదునుగా ఉంటుంది. వీపు కోసిన గవ్వ ఒకలా పడుతుంది, కోయనిది ఇంకోలా పడుతుంది. గచ్చు మీద ఒక తీరు, చాప మీద ఒక తీరు. బండ మీద రుద్ది ఒకవైపు తెలుపు తేల్చిన చింతగింజల తీరు వేరు. మీ గవ్వల సంగతి తేల్చుకోవాలంటే నాలుగింటినీ 50 సార్లు వేసి, మొత్తం 200 పాట్లలో వెల్లకిలా పడినవెన్నో రాసుకోండి. 86 నుంచి 114 లోపు వస్తే పక్షపాతం ఉందని చెప్పలేం. 80 దగ్గర ఆగిపోతే గవ్వలు బోర్లా వైపు మొగ్గుతున్నట్టే.

ఈ చిన్న మొగ్గు రెండు, మూడు పందాలను మార్చే దానికంటే చెమ్మను, అష్టను ఎక్కువగా మారుస్తుంది. నాలుగు గవ్వలూ ఒకేలా పడాలి కదా, ఒక్కో గవ్వ మొగ్గూ ఒకదానితో ఒకటి గుణించుకుంటూ పోతుంది. గవ్వ వెల్లకిలా పడే అవకాశం నూటికి 50 నుంచి 40కి తగ్గిందనుకోండి. అప్పుడు రెండు పడటం నూటికి 37 నుంచి 35కి మాత్రమే దిగుతుంది. అష్ట మాత్రం 6 నుంచి 13కు ఎగబాకుతుంది, చెమ్మ మూడు లోపుకు పడిపోతుంది. ఒకటి, రెండు దాదాపు సమానమవుతాయి కాబట్టి మూలకు ముందున్న గడి కూడా మూలంత గండమే. ఎనిమిది గడుల వెనక ఉన్న కాయను కూడా పట్టించుకోవాల్సి వస్తుంది.

కొన్నిచోట్ల నాలుగూ వెల్లకిలా పడితేనే అష్ట అంటారు. ఇలాంటి గవ్వలతో అక్కడ ఆడితే అష్ట నూటికి మూడు సార్లు కూడా పడదు, చెమ్మలు మాత్రం విరివిగా పడతాయి. అందుకే మొదటి పందెం వేయకముందే ఏది చెమ్మ, ఏది అష్ట అన్నది అందరూ ఒప్పుకుని ఉండాలి.