మరిగే నీటితో అణువుల తూకం

నీటిలో పంచదారో యూరియానో కరిగించి పొయ్యి మీద పెడితే ఆ నీరు మామూలు వేడి దగ్గర మరగదు. ఇంకాస్త వేడెక్కాకే మరుగుతుంది. ఆ 'ఇంకాస్త' సాధారణంగా డిగ్రీలో కొద్ది పాళ్లే ఉంటుంది. అయినా దాన్ని జాగ్రత్తగా కొలిస్తే, కరిగిన పదార్థపు అణుభారం ఎంతో లెక్క కట్టవచ్చు. 19వ శతాబ్ది చివరి రెండు దశాబ్దాల్లో రసాయన శాస్త్రజ్ఞులు ఎన్నో కొత్త పదార్థాల అణుభారాలను ఈ దారిలో తెలుసుకున్నారు.

ద్రవం మరగడమంటే దాని ఆవిరి పీడనం పైనున్న గాలి పీడనంతో సమానం కావడం. సముద్ర మట్టం దగ్గర గాలి పీడనం 760 మిల్లీమీటర్ల పాదరసం. శుద్ధమైన నీటి ఆవిరి 100 డిగ్రీల దగ్గర ఆ పీడనాన్ని అందుకుంటుంది. ఇప్పుడు ఆ నీటిలో తాను ఆవిరి కాని పదార్థాన్ని కరిగించాలి. ద్రావణంలో నీటి అణువుల వాటా ఆ మేరకు తగ్గుతుంది కాబట్టి ద్రవాన్ని విడిచి పైకి పోయే అణువులూ తగ్గుతాయి. పై నుంచి తిరిగి ద్రవంలోకి వచ్చేవాటికి మాత్రం అడ్డు లేదు. అందువల్ల ఆవిరి పీడనం పడిపోతుంది. ఎంత పడిపోతుందన్నది కరిగిన అణువులు ఏ రకానివన్న దానిపై కాక, నీటి అణువులతో పోలిస్తే అవి ఎన్ని ఉన్నాయన్న దానిపై ఆధారపడుతుందని ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో పనిచేసిన రావూల్ 1880లలో చూపాడు. పద్ధతి మొత్తానికి పునాది ఇదే. అణువు పెద్దదైనా చిన్నదైనా లెక్కలో ఒకటిగానే నిలుస్తుంది.

దీన్ని అంకెల్లో చూడవచ్చు. ఒక కిలో నీటిలో 55.5 మోల్‌ల నీటి అణువులుంటాయి. అందులో ఒక మోల్ పదార్థం కరిగిస్తే నీటి వాటా 55లో ఒక వంతుకు కాస్త తక్కువగా తగ్గుతుంది. ఆవిరి పీడనం 760 నుంచి సుమారు 13.5 మిల్లీమీటర్లు దిగుతుంది. 100 డిగ్రీల దగ్గర నీటిని ఒక డిగ్రీ వేడి చేస్తే ఆవిరి పీడనం సుమారు 27 మిల్లీమీటర్లు పెరుగుతుంది. కాబట్టి పోయిన 13.5 మిల్లీమీటర్లను తిరిగి రాబట్టాలంటే అర డిగ్రీ అదనపు వేడి కావాలి. పుస్తకాల్లో నీటికి ఇచ్చే మోలల్ ఉన్నతి స్థిరాంకం 0.512 ఇక్కడి నుంచే వచ్చింది. కిలో నీటికి ఎన్ని మోల్‌లు కరిగాయో ఆ సంఖ్యను మొలాలిటీ అంటారు. మరుగు స్థానం పెరుగుదలను 0.512తో భాగిస్తే మొలాలిటీ వస్తుంది. కిలో నీటిలో వేసిన పదార్థం ఎన్ని గ్రాములో తూచినప్పుడే తెలుసు. ఆ గ్రాములను మోల్‌లతో భాగిస్తే మోలార్ ద్రవ్యరాశి. సూత్రంగా రాస్తే ఇలా:

M = 0.512 × w / (ΔT × W)

ఇందులో w పదార్థం బరువు గ్రాముల్లో, W నీటి బరువు కిలోగ్రాముల్లో, ΔT మరుగు స్థానం పెరుగుదల.

లెక్క ఇంత తేలికే. కొలవడమే కష్టం. మంట మీద పెట్టిన ద్రవం తన మరుగు స్థానాన్ని దాటి వేడెక్కి, ఒక్కసారిగా ఎగిసిపడుతుంటుంది. అడుగున ఒక వేడి, పైన ఒక వేడి ఉంటుంది. డిగ్రీలో ఐదో వంతు కొలవాల్సిన చోట ఈ తేడాలు మొత్తం ఫలితాన్ని మింగేస్తాయి. 1898లో లాండ్స్‌బర్గర్ దీనికి మంచి ఉపాయం చూపాడు. ద్రావణం కింద మంట పెట్టకుండా, వేరే కుప్పెలో మరుగుతున్న శుద్ధమైన నీటి ఆవిరిని గొట్టం ద్వారా ద్రావణంలోకి వదలడమే ఆ ఉపాయం.

100 డిగ్రీల ఆవిరి ద్రావణాన్ని 100 దాటించి ఎలా వేడి చేస్తుందన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. చల్లటి వస్తువు వేడి వస్తువుకు వేడినివ్వడం అసాధ్యం కదా! ఇక్కడ వేడి వచ్చేది ఆవిరి ఉష్ణోగ్రత నుంచి కాదు, ఆవిరి నీరుగా మారేటప్పుడు విడిచే గుప్తోష్ణం నుంచి. ఒక్కో గ్రాము ఆవిరి సుమారు 540 కెలోరీలు విడుస్తుంది. ద్రావణం 100 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు దాని సొంత ఆవిరి పీడనం బయటి పీడనం కన్నా తక్కువ. కాబట్టి లోపలికి వచ్చిన ఆవిరి అందులో నీరుగా చేరిపోతూ వేడిని పెంచుతుంది. ద్రావణపు ఆవిరి పీడనం బయటి పీడనంతో సమానమైన క్షణాన ఆవిరికి అక్కడ నీరయ్యే అవకాశం ఆగుతుంది. అంటే ద్రావణం సరిగ్గా తన మరుగు స్థానం దగ్గర నిలిచిపోతుంది. మంటలాగా దాన్ని దాటించే శక్తి ఆవిరికి లేదు.

పరికరంలో ఒకదానిలో ఒకటి అమర్చిన రెండు గాజు గొట్టాలుంటాయి. లోపలి గొట్టంలో ద్రావణం, థర్మామీటరు, ఆవిరి తెచ్చే సన్నని నాళం. ఆ గొట్టం పైభాగంలో ఒక చిన్న రంధ్రం. మిగిలిన ఆవిరి అందులోంచి బయటి గొట్టంలోకి వెళ్లి లోపలి గొట్టాన్ని చుట్టుకుంటుంది. దాంతో లోపలి వేడి బయటికి పోదు. ముందు శుద్ధమైన నీటితోనే ఆవిరి నడిపి, థర్మామీటరు కదలకుండా నిలిచే అంకె రాసుకుంటారు. ఆ తర్వాత పదార్థం వేసి మళ్లీ ఆవిరి నడిపి రెండో అంకె తీసుకుంటారు. కావలసింది రెండింటి తేడా మాత్రమే. ఇందుకు బెక్‌మన్ థర్మామీటరు వాడేవారు. అది ఐదారు డిగ్రీల మేరను మాత్రమే చూపుతుంది కానీ, డిగ్రీలో నూరో వంతు వరకు గీతలుంటాయి.

మొదటి అంకెను పుస్తకంలోంచి 100 అని తీసుకోవడం పనికిరాదు. సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉన్న హైదరాబాదులో శుద్ధమైన నీరు సుమారు 98 డిగ్రీలకే మరుగుతుంది. ఒకే ఊళ్లో కూడా వాతావరణం మారితే మరుగు స్థానం మారుతుంది. గాలి పీడనం 3 మిల్లీమీటర్లు తేడా వస్తే డిగ్రీలో పదో వంతు తేడా. అందుకే రెండు కొలతలూ ఒకే పూట, వెంటవెంటనే జరగాలి. థర్మామీటరు గోళం పైన నిలిచిన నీటి మట్టం కూడా రెండుసార్లూ ఒకటే ఉండాలి. ఒక సెంటీమీటరు లోతు తేడా పీడనం వల్ల డిగ్రీలో నూరింట మూడు వంతుల వరకు తేడా తెస్తుంది.

ఇప్పుడు ఒక ఉదాహరణ. తియ్యగా ఉన్న ఒక తెల్లటి పొడిని రసాయన విశ్లేషణ చేస్తే అందులో ప్రతి 3 కార్బన్ పరమాణువులకు 7 హైడ్రోజన్, 3 ఆక్సిజన్ ఉన్నాయని తేలిందనుకుందాం. విశ్లేషణ ఇచ్చేది నిష్పత్తి మాత్రమే. C3H7O3 బరువు 91. అసలు అణువు 91 కావచ్చు, దానికి రెట్టింపు 182 కావచ్చు, మూడింతలు 273 కావచ్చు. 6 గ్రాముల పొడిని కొద్దిపాటి నీటిలో వేసి ఆవిరి పంపారు. థర్మామీటరు శుద్ధమైన నీటి కన్నా 0.21 డిగ్రీలు పైన నిలిచింది. వెంటనే ఆవిరి ఆపి, గొట్టం చల్లార్చి తూస్తే ద్రావణం 86 గ్రాములు. అందులో నీరు 80 గ్రాములు, అంటే కిలో నీటికి 75 గ్రాముల పొడి. 0.21ని 0.512తో భాగిస్తే మొలాలిటీ 0.41. 75ను 0.41తో భాగిస్తే 183. అణువు 182దే, C6H14O6. ఆ పొడి మానిటాల్. మెదడు వాపు తగ్గించడానికి ఆసుపత్రుల్లో సెలైన్‌లా ఎక్కించే ద్రావణంలో ఉండేది అదే.

థర్మామీటరు చదవడంలో నూరో వంతు పొరపాటు జరిగితే జవాబు 175 నుంచి 192 వరకు ఎక్కడైనా పడవచ్చు. నూటికి ఐదు వంతుల తప్పన్నమాట. అయినా నష్టం లేదు. 91, 182, 273లలో ఏదో చెప్పడానికి ఆ మాత్రం సరిపోతుంది. నిష్పత్తి తూకం నుంచి కచ్చితంగా వస్తుంది. ఎన్ని రెట్లన్నది మాత్రమే మరుగు స్థానం చెప్పాలి. ఇంత మొరటు కొలత ఇంత ఉపయోగపడటానికి కారణం అదే.

పెద్ద తప్పులు నీటి బరువు దగ్గర జరుగుతాయి. ఆవిరి నీరై చేరుతుంటుంది కాబట్టి మొదట పోసిన నీరు లెక్కకు రాదు. పై ప్రయోగంలో మొదట పోసింది 50 గ్రాములనుకుని, దాన్నే లెక్కలో వాడితే జవాబు 293 వస్తుంది. చూడటానికి 273కు దగ్గరగా ఉండి నమ్మించేస్తుంది. అంతా సవ్యంగా ఉందో లేదో తేల్చడానికి ఒక పరీక్ష ఉంది. మరికొంతసేపు ఆవిరి పంపి, నీరు 100 గ్రాములయ్యాక మళ్లీ చదవాలి. ద్రావణం పలచబడింది కాబట్టి పెరుగుదల 0.17కి దిగాలి. నీటి బరువునూ పెరుగుదలనూ గుణిస్తే రెండుసార్లూ దాదాపు ఒకే సంఖ్య రావాలి. రాలేదంటే పొడి పూర్తిగా కరగలేదనో, గాలి పీడనం మారిందనో అనుకోవాలి.

కొన్ని పదార్థాల దగ్గర కొలత సరిగానే ఉన్నా జవాబు తప్పవుతుంది. ఉప్పును ఇలా కొలిస్తే 58.5 బదులు 31 దగ్గర వస్తుంది. నీటిలో ఉప్పు సోడియం, క్లోరైడ్ అయాన్లుగా విడిపోయి ఒక్కోటి రెండుగా లెక్కకు వస్తుంది. అయితే అన్నానికి పెట్టిన లీటరు ఎసరులో చెంచా ఉప్పు వేసినా మరుగు స్థానం పెరిగేది డిగ్రీలో పదో వంతే. దానితో బియ్యం త్వరగా ఉడుకుతుందన్నది అపోహ. ద్రావణం చిక్కనైనా సూత్రం నిలబడదు. నూటికి 80 పాళ్లు పంచదార ఉన్న పాకం సూత్రం ప్రకారం 106 డిగ్రీల దగ్గర మరగాలి. నిజానికి 112 దగ్గర మరుగుతుంది. ఆల్కహాలు వంటివి తామే ఆవిరైపోతాయి కాబట్టి వాటికి ఈ పద్ధతి పనికిరాదు. ఇక హిమోగ్లోబిన్ వంటి భారీ అణువును 100 గ్రాముల నీటిలో 5 గ్రాములు కరిగించగలిగినా, పెరుగుదల డిగ్రీలో పదివేల వంతుల్లో నాలుగే. పైగా మరిగే వేడికి ప్రోటీను గడ్డకట్టుకుపోతుంది.

అసలు నీటి మరుగు స్థానం ఈ పనికి అంత అనువైంది కాదు. అదే నీరు గడ్డకట్టే ఉష్ణోగ్రతను తీసుకుంటే స్థిరాంకం 1.86, అంటే మూడున్నర రెట్లకు పైనే. పై మానిటాల్ ద్రావణం మరుగు స్థానాన్ని 0.21 డిగ్రీలు పెంచితే, గడ్డకట్టే స్థానాన్ని 0.76 డిగ్రీలు దించుతుంది. థర్మామీటరు తప్పు అంతే ఉన్నా జవాబులో తప్పు నాలుగో వంతుకు దగ్గరగా పడిపోతుంది. కాబట్టి నీటిలో కరిగే పదార్థానికి అణుభారం కొలవాల్సి వస్తే, అది చల్లటి నీటిలోనూ బాగా కరిగేదైతే గడ్డకట్టించి కొలవడమే మేలు. వేడి నీటిలోనే తగినంత కరిగేవాటికి ఆవిరి పద్ధతిని వాడాలి.