ఉక్కపోతకు ఏ పౌడరు?

చెమటకాయలు, మడతల్లో ఒరుపు, తామర. వేసవిలో చర్మాన్ని బాధించే ఈ మూడూ వేర్వేరు ఇబ్బందులు. మూడింటికీ దురదే ఉంటుంది కాబట్టి చాలా ఇళ్లలో మూడింటికీ ఒకే డబ్బాలోని పౌడరు చల్లుతుంటారు. కొందరు మామూలు పౌడరు వాడితే, ఇంకొందరు మందుల షాపులో అడిగి యాంటీ ఫంగల్ పౌడరు తెచ్చుకుంటారు. ఏది ఎక్కడ పనిచేస్తుందో తెలియాలంటే ముందు ఆ డబ్బాల్లో ఏముందో చూడాలి.

టాల్కం పౌడరు ఒక రాయి పొడి. పలక మీద రాసే బలపం కూడా ఆ రాయి జాతిదే. దాని రేణువులు సన్నటి పొరల్లా ఉండి ఒకదాని మీద ఒకటి జారిపోతాయి. అందుకే పౌడరు రాసుకున్న తొడలు రాసుకోకుండా నున్నగా కదులుతాయి. రాపిడి తగ్గించడమే దాని అసలు పని. తడిని పీల్చే శక్తి మాత్రం దానికి చాలా తక్కువ. చెమటకాయల పౌడర్లలో దీంతోపాటు పిండి పదార్థమో, జింక్ ఆక్సైడో, మెంథాలో కలుపుతారు. మెంథాల్ వల్ల చల్లగా అనిపిస్తుంది గానీ ఒంటి వేడి తగ్గదు. యాంటీ ఫంగల్ పౌడర్లో ఎక్కువ భాగం ఇలాంటి పొడే. అందులో క్లోట్రిమజోల్ అయితే సాధారణంగా 1 శాతం, మైకోనజోల్ అయితే 2 శాతం కలిసి ఉంటుంది. శిలీంధ్రాన్ని అదుపు చేసేది ఆ కొద్దిపాటి మందే.

చెమటకాయలకు శిలీంధ్రంతో సంబంధం లేదు. చెమట బయటికి వచ్చే సన్నటి నాళాలు మూసుకుపోతే, చెమట చర్మంలోనే నిలిచి ఎర్రటి చిన్న పొక్కులుగా లేస్తుంది. మెడ, వీపు, ఛాతీ, బట్ట బిగుతుగా పట్టే చోట్లలో ఇవి గుంపుగా వస్తాయి, చురుకుచురుకుమంటాయి. వాటి మీద యాంటీ ఫంగల్ పౌడరు చల్లినా ఫలితం ఉండదు, చంపడానికి అక్కడ శిలీంధ్రం లేదు కాబట్టి. చెమట పట్టడం ఆగితేనే అవి తగ్గుతాయి. చల్లటి నీళ్ల స్నానం, వదులైన నూలు బట్ట, ఫ్యాన్ కిందో చల్లటి గదిలోనో కొన్ని గంటలు గడపడం, దురదకు కాలమైన్ లోషన్: అసలు చికిత్స ఇదే. ఆరిన ఒంటి మీద పల్చగా రాసిన టాల్కం కొంత హాయినిస్తుంది. దట్టంగా పూస్తే మాత్రం చెమటతో కలిసి పేస్టులా అంటుకుంటుంది. నూనెలు, చిక్కటి ఆయింట్‌మెంట్లు నాళాల్ని ఇంకా మూసేస్తాయి.

మడతల సంగతి వేరు. మే నెలలో విజయవాడలో పొద్దంతా ఆటో నడిపే ఒక మనిషిని ఊహించుకుందాం. వీపు మీద చెమటకాయలున్నాయి. రెక్సిన్ సీటు మీద గంటల తరబడి కూర్చోవడంతో గజ్జల్లో దురద కూడా మొదలైంది. రెండింటికీ రోజూ టాల్కమే చల్లుతున్నాడు. రెండు రోజులు వాన పడి చల్లబడితే వీపు నెమ్మదించింది. గజ్జల్లో మచ్చ మాత్రం తొడ మీదికి పాకింది. అంచు కాస్త ఉబ్బి, పొట్టు రాలుతోంది. నడిమి భాగం మానినట్టుంది. అంచు పెరుగుతూ నడుమ మానే ఈ తీరు తామర గుర్తు. చామనఛాయ ఒంటి మీద అది ఎర్రగా కాక ముదురు గోధుమ రంగులో కనబడవచ్చు. టాల్కంతో రాపిడి తగ్గి కొంత ఉపశమనంగా అనిపించింది గానీ, లోపల శిలీంధ్రం దాని మానాన అది పెరుగుతూ పోయింది.

ఇలాంటి మచ్చకు పౌడరొక్కటే చాలదు. పౌడరు చర్మం పైనే ఉండిపోతుంది, క్రీము లోపలికి ఇంకుతుంది. అందుకని పొద్దున, రాత్రి స్నానం చేసి, ఆ మనిషికే వేరుగా ఉంచిన తువ్వాలుతో అద్ది, గజ్జలు పూర్తిగా ఆరాక క్లోట్రిమజోల్ క్రీము పల్చగా రాయాలి. మచ్చ మీదే కాకుండా అంచు దాటి రెండు సెంటీమీటర్ల వరకు రాయాలి. కంటికి కనబడని శిలీంధ్రం అక్కడా ఉంటుంది. పౌడరు వాడాలనుకుంటే మధ్యాహ్నం చెమట తుడిచాక, లేదా లోదుస్తుల్లో చల్లుకోవచ్చు. క్రీము రాసిన వెంటనే చల్లితే రెండూ కలిసి ముద్దకట్టుకుంటాయి. మచ్చ మాయమయ్యాక కూడా సుమారు రెండు వారాలు క్రీము కొనసాగించాలి. దురద పోగానే మానేయడం వల్లే తామర చాలామందికి తిరగబెడుతుంది. యాంటీ ఫంగల్ పౌడరు నిజంగా అక్కరకొచ్చేది ఆ తర్వాతే, చెమట పట్టే మడతల్లో అది మళ్లీ రాకుండా. లోదుస్తులు రోజూ ఉతికి ఎండలో ఆరేయాలి. ఇంట్లో మరొకరికి దురద ఉంటే వారికీ అదే సమయంలో చికిత్స జరగాలి.

ఇక్కడ ఒక పెద్ద ప్రమాదం ఉంది. శిలీంధ్రపు మందు, స్టెరాయిడ్ కలిసిన క్రీములు మన దేశంలో చీటీ లేకుండానే చేతికొస్తాయి. రాసిన మర్నాడే దురద పోతుంది, అందుకే అవి బాగా పనిచేస్తున్నాయని అందరూ నమ్ముతారు. నిజానికి స్టెరాయిడ్ ఒంటి ప్రతిఘటనను అణిచేస్తుంది. ఎరుపు తగ్గుతుంది, తామర పాకుతుంది, వైద్యుడు కూడా గుర్తుపట్టలేనంతగా దాని రూపు మారుతుంది. చర్మం పలచబడి, తొడల లోపల చారలు పడి మిగిలిపోతాయి. కొన్నేళ్లుగా మందులకు లొంగని తామర భారతదేశంలో విపరీతంగా పెరిగింది. అలాంటి ఒక శిలీంధ్ర జాతికి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని మన దేశం పేరే కలిసింది. డబ్బా మీద బెటామెథసోన్, క్లోబెటాసోల్ అన్న మాటలు కనబడితే సొంతంగా వాడకూడదు.

రొమ్ముల కింద, పొట్ట మడతల్లో వచ్చే ఒరుపు తామర కాకపోవచ్చు. చర్మం పచ్చిగా, చెమ్మగా మారి, చుట్టూ చిన్న చీము చుక్కలుంటే అది కాండిడా అనే మరో శిలీంధ్రం కావచ్చు. రసి కారుతున్న చర్మం మీద ఏ పౌడరూ చల్లకూడదు, గడ్డలు కట్టి మరింత గీరుకుంటుంది. ముందు ఆరాలి, క్రీము రాయాలి, ఆ మడతలో శుభ్రమైన నూలుగుడ్డ పెట్టాలి. ఇలా పదేపదే వస్తుంటే రక్తంలో చక్కెర పరీక్ష చేయించడం తప్పనిసరి. మధుమేహం చాలాసార్లు ఇలాగే బయటపడుతుంది.

టాల్కం గురించి మరో మాట. భూమిలో టాల్కం దొరికే చోటే ఆస్బెస్టాస్ కూడా ఉండవచ్చు, తవ్వినప్పుడు రెండూ కలిసే ముప్పు ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2024లో టాల్కంను మనుషులకు బహుశా క్యాన్సర్ కారకం అనే జాబితాలో చేర్చింది. దాంతో ఎంత ప్రమాదమన్నది ఇంకా చర్చలోనే ఉంది గానీ, స్త్రీలు మర్మాంగాల దగ్గర దాన్ని చల్లుకోకపోవడమే మేలు. పసిపిల్లలకు పౌడరు అక్కర్లేదు. పొడి మేఘంలా లేచి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి రావచ్చు.

రెండు మూడు వారాలు సరిగా క్రీము రాసినా మచ్చ తగ్గకపోతే, నొప్పి, జ్వరం, చీము కనిపిస్తే చర్మవైద్యుణ్ణి కలవాలి. మచ్చ అంచు నుంచి కాస్త పొట్టు గీకి సూక్ష్మదర్శిని కింద చూస్తే శిలీంధ్రం ఉందో లేదో చాలావరకు అప్పుడే తేలుతుంది. కొత్త డబ్బా కొనేముందు ఆ పరీక్ష చేయించుకోండి.