ఈగ పుట్టేది వంటింట్లో కాదు

మామిడిపండ్ల రోజులు ముగిసి తొలకరి పడుతున్న వారంలో మా వీధిలో ఈగలు విరుచుకుపడ్డాయి. అన్నం గిన్నె మూత తీస్తే చాలు, చుట్టూ రొద. వీధి మలుపులోని సిమెంటు చెత్తకుండీని పదిరోజులకోసారి ఎత్తుతుండేవారు. అందరం కలిసి అడిగితే ఒక ఉదయం దాన్ని పూర్తిగా ఖాళీ చేసి, చుట్టూ తెల్లగా బ్లీచింగ్ పౌడరు చల్లి వెళ్లారు. ఇక పీడ వదిలిందనుకున్నాం. తర్వాతి వారమంతా ఈగలు ముందుకన్నా ఎక్కువయ్యాయి.

ఎందుకిలా అని పారిశుద్ధ్య మేస్త్రిని అడిగాను. ముప్పై ఏళ్లుగా ఆ పనిలో ఉన్న మనిషి. "కుప్ప తీస్తే సరిపోద్దా బాబూ? కింద మట్టి చూడండి" అంటూ పారతో కుండీ అంచున జానెడు లోతు తవ్వి చూపించాడు. మట్టిలో గోధుమ గింజల్లాంటి ముదురు గోధుమరంగు గొట్టాలు వందల కొద్దీ ఉన్నాయి. అవన్నీ రేపోమాపో రెక్కలు విప్పబోయే ఈగలు. కుప్పతోపాటు లారీ ఎక్కకుండా అవి అక్కడే మిగిలిపోయాయి.

ఈగ లెక్క ఇలా ఉంటుంది. ఆడ ఈగ ఒక్కో విడతకు నూరుకు అటూఇటూగా గుడ్లు పెడుతుంది. అలాంటి విడతలు అయిదారు ఉంటాయి. గుడ్లకు తడి కావాలి, కుళ్లుతున్న మెత్తని పదార్థం కావాలి. మామిడి తొక్కలు, మిగిలిన అన్నం, పశువుల పేడ, కోళ్ల పెంట, వాడి పారేసిన పిల్లల డైపర్లు అన్నీ దానికి అనుకూలమే. మన వేసవి వేడికి గుడ్డు ఒక్క రోజులోపే పగిలి తెల్లటి పురుగు బయటికొస్తుంది. తల వైపు సన్నగా, తోక వైపు మొద్దుగా ఉండే ఈ పురుగు నాలుగైదు రోజులు తిని బలుస్తుంది. ఆ తర్వాత అది తడిని ఇష్టపడదు. కుప్ప వదిలి పక్కనున్న పొడి మట్టిలోకో, ఇటుక కిందికో, కుండీ పగుళ్లలోకో పాకి పోయి, తన చర్మాన్నే గట్టి గొట్టంగా మార్చుకుని అందులో ఒదిగి ఉంటుంది. దాన్నే ప్యూపా అంటారు. మరో నాలుగైదు రోజులకు ఆ గొట్టం మూత నెట్టుకుని ఈగ వస్తుంది. గుడ్డు నుంచి రెక్కల దాకా బాగా వేడిగా ఉన్న రోజుల్లో వారం, మామూలుగా పది రోజులు పడుతుంది.

మా కుండీ దగ్గర జరిగిందంతా ఈ లెక్కలోనే ఉంది. పదిరోజులకోసారి చెత్త ఎత్తితే అయిదో రోజు నుంచే పురుగులు మట్టిలోకి దిగుతుంటాయి. లారీ వచ్చేసరికి తొలి విడత ఈగలు ఎగిరిపోయి ఉంటాయి. తడి చెత్తను వారానికి కనీసం రెండుసార్లు తీయాలని చెప్పడానికి కారణం ఇదే. పురుగు కుప్ప దాటక ముందే కుప్ప కదలాలి.

బ్లీచింగ్ పౌడరు వాసనను తగ్గిస్తుంది కానీ పైపైన చల్లితే తడి చెత్త లోపలున్న పురుగుదాకా చేరదు. సాయంత్రం వీధుల్లో వదిలే పొగమందు ఎగిరే దోమలను చంపేందుకు తయారైంది. చెత్త లోపలి పురుగుకు, మట్టిలోని ప్యూపాకు అది తగలదు. ఈగ మందులకు త్వరగా అలవాటు పడుతుందన్నదీ పాత అనుభవమే. డీడీటీ వాడకం మొదలైన కొద్ది ఏళ్లకే, 1940లలోనే, దానికి చావని ఈగలు స్వీడన్‌లో కనిపించాయి. పైగా పురుగుమందు చల్లినప్పుడు, ఈగ ప్యూపాలో గుడ్లు పెట్టి వాటిని చంపే చిన్న కందిరీగలు కూడా నశిస్తాయి. మనకు ఊరికే పనిచేసిపెట్టే ఆ సాయాన్ని మనమే పోగొట్టుకుంటున్నాం.

ఈగ జబ్బును ఎలా మోసుకొస్తుందో కూడా తెలియాలి. దానికి నమిలే పళ్లు లేవు. గట్టి పదార్థం మీద వాలితే లోపలున్న ద్రవాన్ని కక్కి, దాన్ని మెత్తబరచి పీల్చుకుంటుంది. వాలిన చోటల్లా విసర్జిస్తుంది కూడా. బల్బు తీగల మీద, తెల్ల గోడల మీద కనిపించే చుక్కలు అవే. మలం మీద వాలిన కాళ్లతో, కడుపులో నింపుకున్న ద్రవంతో అది నేరుగా మన కంచం మీదికి వస్తుంది. కానీ అన్ని జబ్బులూ ఒకేలా అంటవు. జిగట విరేచనాలు తెచ్చే షిగెల్లా క్రిములు పది నుంచి వంద లోపలికి పోయినా చాలు, మనిషి మంచం పడతాడు. అందుకే ఈగకూ ఆ జబ్బుకూ బంధం దగ్గరిది. టైఫాయిడ్, కలరా క్రిములు మాత్రం సాధారణంగా ఇంకా చాలా ఎక్కువ సంఖ్యలో కావాలి. ఈగ వదిలిన కొద్దిపాటి క్రిములు మూతలేని అన్నంలోనో పాలలోనో గంటల తరబడి పెరిగినప్పుడు ప్రమాదం ముదురుతుంది. మధ్యాహ్నం మూత పెట్టక వదిలేసిన కూరను రాత్రి వేడిచేయకుండా తినకండి అనేది అందుకే.

ఈగ తగ్గితే జబ్బు తగ్గుతుందా? ఇజ్రాయెల్ సైనిక శిబిరాల్లో ఎరలతో ఈగలను పట్టే బోనులు పెట్టి 1988, 1989లలో చూశారు. ఈగలు 64 శాతం తగ్గాయి, షిగెల్లా విరేచనాలతో వైద్యుడి దగ్గరికొచ్చే సైనికులు 85 శాతం తగ్గారు. 1990లలో పాకిస్తాన్ గ్రామాల్లో ఈగలను అదుపు చేసినప్పుడు పిల్లల్లో విరేచనాలు 23 శాతం తగ్గాయి. పిల్లల విరేచనాలకు ఈగ ఒక్కటే కారణం కాదు, నీళ్లూ చేతులూ ఉన్నాయి. అయినా నాలుగో వంతుకు దగ్గరగా తగ్గడమంటే చిన్న విషయం కాదు.

మళ్లీ మా వీధికి వస్తాను. మేస్త్రి సలహా మీద కుండీ చుట్టూ జానెడు లోతు మట్టిని తీసి నల్ల ప్లాస్టిక్ సంచుల్లో కట్టి ఎండలో వారంపాటు పడేశాం. ఆ వేడికి లోపలి ప్యూపాలు ఉడికిపోయాయి. తర్వాత కుండీ చుట్టూ పగుళ్లు పూడ్చి సిమెంటు పరిచాం. తడి చెత్త రోజు విడిచి రోజు వెళ్లేలా ఏర్పాటు చేసుకున్నాం. డైపర్లను తడి చెత్తలో పడేయకుండా విడిగా కాగితంలో చుట్టి కట్టడం మొదలుపెట్టాం. మర్నాటికల్లా ఫలితం రాలేదు. అప్పటికే ఎగిరే ఈగలు రెండు మూడు వారాలు బతుకుతాయి కనుక వీధి తేలికపడేసరికి నెల నిండింది. ఓపిక లేనివాళ్లు మధ్యలో మళ్లీ మందు కొట్టించమన్నారు.

ఇంట్లో ఎరువు చేసుకునేవాళ్లకు ఒక మాట. డబ్బాలో వేసే ప్రతి తడి పొర మీద ఎండుటాకులో కొబ్బరిపొట్టో పూర్తిగా కప్పాలి. పిడికెడు ఎరువు తీసి పిండితే ఒకటి రెండు చుక్కలకన్నా రాకూడదు. నీళ్లు కారితే ఈగ గుడ్లు పెట్టడానికి తగిన తడి ఉన్నట్టే, ఇంకొంత పొడి కలపాలి. పెద్ద కుప్ప అయితే నడుమ పురుగు బతకలేనంత వేడెక్కుతుంది. కానీ అంచులు చల్లగా ఉండడంతో పురుగులన్నీ అక్కడికి చేరతాయి. వారానికోసారి అంచులను లోపలికీ, లోపలిది బయటికీ తిరగేయాలి.

చివరిగా, మీ చెత్తబుట్ట కింద, కుండీ పక్కన ఒక చెంచాతో మట్టిని తిరగేసి చూడండి. గోధుమ గింజల్లాంటి గొట్టాలు కనిపిస్తే మీ ఈగలు అక్కడే పుడుతున్నాయి.