జలుబు బిళ్లకు తోకెక్కడుంది?

సంక్రాంతి ముందు రోజుల్లో హైదరాబాద్‌లో ఏ మెడికల్ షాపు దగ్గర కాసేపు నిలబడినా ఇదే వినిపిస్తుంది. "జలుబు, ఒళ్లు నొప్పులు. ఓ నాలుగు బిళ్లలివ్వన్నా." షాపతను పది బిళ్లల స్ట్రిప్ తీసి, కత్తెరతో నాలుగు కత్తిరించి, కాగితం కవర్లో వేసిచ్చేస్తాడు. ఇంటికొచ్చిన ముక్క మీద పేరు సగమే ఉంటుంది. బిళ్లలో ఏమేం కలిపారో చెప్పే నాలుగు వరుసలు షాపులో మిగిలిన ముక్క మీదే ఉండిపోతాయి.

ఆ వరుసలు దొరికితే సాధారణంగా ఇలా ఉంటాయి: పారాసిటమాల్ 500 మిల్లీగ్రాములు, ఫినైలెఫ్రిన్ హైడ్రోక్లోరైడ్ 10, క్లోర్‌ఫెనిరమీన్ మాలియేట్ 2. మొదటిది జ్వరానికీ నొప్పులకీ. రెండోది ముక్కు దిబ్బడకి. మూడోది తుమ్ములకీ కారే ముక్కుకీ. అంకెల్లో అన్నిటికంటే చిన్నది ఈ మూడోదే కాబట్టి కళ్లు దాని మీద ఆగవు. నిద్ర తెప్పించేది మాత్రం అదే. మెదడు మెలకువగా ఉండటానికి వాడుకునే రసాయనాల్లో హిస్టమిన్ ఒకటి. క్లోర్‌ఫెనిరమీన్ లాంటి పాత తరం అలర్జీ మందులు రక్తంలోంచి మెదడులోకి తేలిగ్గా దూరి, ఆ హిస్టమిన్ పని చేయాల్సిన చోటే అడ్డుపడతాయి.

పేరు గుర్తుపట్టడానికి ఒక కొండగుర్తు ఉంది. మాలియేట్, హైడ్రోక్లోరైడ్, సిట్రేట్, సక్సినేట్ అనేవి వెనక తగిలించిన లవణం పేర్లు. వాటిని పక్కన పెట్టి అసలు పేరు చివర చూడాలి. క్లోర్‌ఫెనిరమీన్, డైఫెన్‌హైడ్రమిన్, డాక్సిలమిన్... ఈ మూడూ ఇంగ్లిష్‌లో ఎ, ఎమ్, ఐ, ఎన్, ఇ అనే ఐదు అక్షరాలతోనే ముగుస్తాయి. జలుబు మందు మీద ఈ తోక కనిపిస్తే నిద్ర మందు ఉన్నట్టే లెక్క. తోక లేనంత మాత్రాన భయం లేదని కాదు. దగ్గు మందుల్లో కలిపే ప్రోమెథజిన్, కోడీన్ ఈ కొండగుర్తుకు దొరకవు, మత్తు మాత్రం బాగానే ఇస్తాయి.

బ్రాండు పేరు చూసి మందు తెలుసనుకోవడం ఇంకో పొరపాటు. బెనడ్రిల్ సంగతే చూడండి. మన దగ్గర అది దగ్గు సిరప్, 5 మి.లీ.లో డైఫెన్‌హైడ్రమిన్ 14 మిల్లీగ్రాములు, పైన అమోనియం క్లోరైడ్. అమెరికాలో అదే పేరుతో డైఫెన్‌హైడ్రమిన్ 25 మిల్లీగ్రాముల అలర్జీ బిళ్ల అమ్ముతారు. బ్రిటన్‌లో బెనడ్రిల్ అలర్జీ రిలీఫ్ కొంటే అందులో ఉండేది అక్రివాస్టిన్ అనే వేరే మందు. డాలస్‌లో ఒక అన్న, లండన్‌లో ఒక తమ్ముడు ఫోన్లో "బెనడ్రిల్ వేసుకో" అనుకుంటే ఇద్దరూ మాట్లాడుకున్నది ఒకే మందు గురించి కాదు.

ఇప్పుడు ఒక ఇంటి లెక్క వేసి చూద్దాం. కూకట్‌పల్లిలో ఉండే ఒకాయన పండక్కి తెల్లవారుజామున నాలుగింటికి కారులో రాజమండ్రి బయల్దేరాలి. ముందు రోజు రాత్రి తొమ్మిదింటికి జలుబు బిళ్ల వేసుకున్నాడు. "ఏమండీ, దగ్గు కూడా ఉందిగా, ఆ సిరప్ రెండు చెంచాలు తాగి పడుకోండి" అంది భార్య. సిరప్ డబ్బా మీద 5 మి.లీ.కి డెక్స్‌ట్రోమెథార్ఫన్ 10 మిల్లీగ్రాములు, క్లోర్‌ఫెనిరమీన్ 2 అని ఉంది. అంటే బిళ్లలో 2, పది మి.లీ. సిరప్‌లో 4, మొత్తం 6 మిల్లీగ్రాములు. పెద్దవాళ్లకు ఒక పూటకు మామూలుగా ఇచ్చేది 4. ఒకటి బిళ్ల, ఇంకొకటి సిరప్ కాబట్టి వేర్వేరు మందులనుకున్నారు. లోపల ఉన్నది ఒకటే.

అసలు చిక్కు గడియారంతో. క్లోర్‌ఫెనిరమీన్ ఒంట్లో సగానికి తగ్గడానికి పెద్దవాళ్లలో సుమారు 20 గంటలు పడుతుంది. ఆ లెక్కన నాలుగింటికి స్టీరింగ్ పట్టుకునేసరికి రాత్రి వేసుకున్నదాంట్లో ముప్పావు వంతుకు పైగా ఇంకా ఒంట్లోనే ఉంది. ముక్కు మళ్లీ కారుతోంది కదా, మందు దిగిపోయిందిలే అనుకోవడానికి లేదు. కొన్ని రకాల బిళ్లల్లో ఫినైలెఫ్రిన్ పక్కన కెఫీన్ 30 మిల్లీగ్రాములు కూడా కలుపుతారు. అది ఒక చిన్న గ్లాసు టీలో దొరికేంత. మత్తును రద్దు చేసేది కాదు.

"నాకేం నిద్ర రావట్లేదు, బాగానే ఉన్నాను" అనే మాటకూ ఒక పరీక్ష జరిగింది. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం పరిశోధకులు 40 మందిని డ్రైవింగ్ సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టారు. ఒక్కొక్కరికి వేర్వేరు రోజుల్లో డైఫెన్‌హైడ్రమిన్ 50 మిల్లీగ్రాములు, కొత్త తరం మందు ఫెక్సోఫెనడిన్, మద్యం, ఉత్తుత్తి బిళ్ల ఇచ్చి బండి నడిపించారు. తాగించిన మద్యం తక్కువేం కాదు. రక్తంలో అది మన చట్టం ఒప్పుకునే హద్దుకు మూడింతలు చేరేలా ఇచ్చారు. 2000లో ఫలితాలు అచ్చయ్యాయి. ముందు వెళ్లే కారు వేగాన్ని బట్టి తమ వేగం సర్దుకోవడంలో వాళ్లు మద్యం తాగిన రోజుకన్నా డైఫెన్‌హైడ్రమిన్ మింగిన రోజే ఎక్కువ తడబడ్డారు. ఎదురుగా అడ్డొచ్చిన బండికి బ్రేకు వేయడంలో మాత్రం మద్యం రోజే అందరికంటే ఆలస్యం. ఫెక్సోఫెనడిన్ రోజున బండి వరస తప్పలేదు. అంతకన్నా ముఖ్యమైనది ఇంకోటి: ఎవరికి ఎంత మత్తుగా అనిపించిందన్నదాన్ని బట్టి వాళ్లెంత చెడ్డగా నడుపుతారో చెప్పడం కుదర్లేదు.

ఆ 50 మిల్లీగ్రాములు అరుదైన మోతాదేం కాదు. అమెరికాలో పిల్లల దగ్గరికెళ్లిన తల్లిదండ్రులు మోకాళ్ల నొప్పులంటే ఇంట్లో ఉండే టైలెనాల్ పీఎం ఇవ్వడం మామూలే. ఒక్కో బిళ్లలో పారాసిటమాల్ 500 (అక్కడ దాని పేరు అసిటమినోఫెన్), డైఫెన్‌హైడ్రమిన్ 25. రెండు బిళ్లలు మోతాదు. పీఎం అన్న రెండక్షరాలు రాత్రిపూటని చెబుతాయి తప్ప లోపలేముందో చెప్పవు. అది చెప్పేది వెనక పట్టీ. మందు పేరు ఎదురుగా అది ఎందుకో కూడా అందులో రాసి ఉంటుంది. "నైట్‌టైమ్ స్లీప్ ఎయిడ్" అని కనిపిస్తే అది నొప్పి బిళ్ల మాత్రమే కాదు. డెబ్బై ఏళ్ల మనిషిలో ఈ మందు దిగడానికి ఇంకా ఎక్కువసేపు పడుతుంది. నోరెండిపోవడం, మలబద్ధకం, ప్రొస్టేట్ ఇబ్బంది ఉన్న మగవాళ్లకు మూత్రం బిగుసుకుపోవడం ఒక ఎత్తు. అర్ధరాత్రి బాత్రూమ్‌కి లేచి, తికమకపడి, తూలి పడటం ఇంకో ఎత్తు. అరవై అయిదు దాటినవాళ్లకు వీటిని వీలైనంత వరకు వద్దనే అమెరికన్ వృద్ధాప్య వైద్య నిపుణుల సలహా.

నడుం నొప్పి బిళ్లల్లో ఈ తోక ఉండదు, పేరు వెనక ఎమ్మార్ అని ఉంటుంది. కండరాలు సడలించే మందు కలిపారని ఎక్కువగా దానర్థం. టిజానిడిన్, క్లోర్‌జోక్సజోన్ అన్న పేర్లు చూస్తే ఆ రాత్రి బండి తీసే ఆలోచన మానుకోవాలి. పారాసిటమాల్ పక్కన ట్రమడాల్ ఉంటే ఇంకా జాగ్రత్త. దాని మీద మద్యం గానీ నిద్రమాత్ర గానీ పడితే నిద్రలో ఊపిరే మందగించవచ్చు.

మరి రాజమండ్రి ఆయన ఏం చేయాలి? "నిద్ర రానిది ఇవ్వు" అంటే షాపులో చాలాసార్లు సెట్రిజిన్ ఇస్తారు. అది పాతవాటి కంటే నయమే కానీ కొందరిని జోగేలా చేస్తుంది. పైగా మామూలు జలుబుకు కొత్త తరం అలర్జీ మందులు పెద్దగా ఉపయోగపడవు. నొప్పులకు ఏమీ కలపని పారాసిటమాల్ ఒక్కటి, ముక్కులో ఉప్పునీటి చుక్కలు, మరీ దిబ్బడగా ఉంటే రెండు మూడు రోజులకు మించకుండా ఆక్సిమెటజోలిన్ చుక్కలు సరిపోతాయి. కత్తిరించిన నాలుగు బిళ్లలు చేతికొస్తే, మిగతా ముక్క అడిగి ఫోన్లో ఒక ఫొటో తీసుకోవచ్చు. ఆ జలుబు బిళ్ల రాజమండ్రిలో దిగి, తాళంచెవి బావమరిది చేతిలో పెట్టాక వేసుకున్నా ఆలస్యమేం కాదు.