పది సెకన్లలో ఓరియన్

నక్షత్రాలను ఫొటో తీద్దామని మొదటిసారి ట్రైపాడ్ వేసినవాళ్లు చాలామంది షట్టర్‌ను నేరుగా 30 సెకన్లకు తిప్పేస్తారు. రాత్రిపూట వెలుతురు తక్కువ, కాబట్టి ఎంతసేపు తెరిచి ఉంచితే అంత మంచిదన్న లెక్క. తీరా ఇంటికొచ్చి కంప్యూటర్‌లో పెద్దది చేసి చూస్తే చుక్కలుండవు, అన్నీ ఒకే వైపు వాలిన చిన్న గీతలు. ట్రైపాడ్ కదలకపోయినా దాని కింద భూమి తిరుగుతూనే ఉంది మరి.

ఎంతసేపు తెరవచ్చో ఒక నిజమైన లెక్కతో చూద్దాం. సంక్రాంతికి ఊరెళ్తుంటారు కాబట్టి ఓరియన్‌నే తీసుకుందాం. జనవరిలో బాగా చీకటి పడేసరికి అది తూర్పున పైకి వచ్చేసి ఉంటుంది. నడుము దగ్గర ఒకే వరుసలో మూడు చుక్కలు, ఒక భుజాన ఎర్రటి ఆరుద్ర. గుర్తుపట్టడానికి పటం అక్కర్లేదు. ఆ రాత్రి ఆకాశంలో చంద్రుడు లేకపోతే చాలు. ఏపీఎస్-సీ సెన్సర్ ఉన్న మామూలు కెమెరా, దాంతోపాటే వచ్చిన 18-55 లెన్స్ మన దగ్గర ఉన్నాయనుకుందాం.

లెన్స్‌ను 18 దగ్గరే ఉంచాలి. జూమ్ చేస్తే రెండు నష్టాలు: 55కి వెళ్లేసరికి అపెర్చర్ ఎఫ్ 3.5 నుంచి 5.6కు ముడుచుకుపోతుంది, పైగా నక్షత్రాల కదలిక కూడా అంతకంత పెద్దదిగా కనిపిస్తుంది. ఫొటోగ్రాఫర్లలో ‘500 సూత్రం’ అని ఒకటి ప్రచారంలో ఉంది. 500ను లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే ఎన్ని సెకన్లు తెరవచ్చో వస్తుంది. ఏపీఎస్-సీ సెన్సర్ చిన్నది కాబట్టి 18ని ఒకటిన్నరతో గుణించి 27 అనుకోవాలి. 500ను 27తో భాగిస్తే సుమారు 18 సెకన్లు.

ఈ సూత్రాన్ని నేను పెద్దగా నమ్మను. చిన్న ప్రింటుకు, ఫోన్ తెరకు సరిపోతుందేమో కానీ 24 మెగాపిక్సెల్ కెమెరాకు అది ఉదారం ఎక్కువ. ఆకాశం సెకనుకు 15 ఆర్క్‌సెకన్ల చొప్పున జరుగుతుంది. ఈ కెమెరాలో, ఈ లెన్స్‌తో, ఒక పిక్సెల్ దాదాపు 45 ఆర్క్‌సెకన్లను చూస్తుంది. అంటే ప్రతి మూడు సెకన్లకూ చుక్క ఒక పిక్సెల్ పక్కకు జరుగుతుంది, 18 సెకన్లలో ఆరు పిక్సెళ్లు. పైగా ఓరియన్ నడుములోని మూడు చుక్కలూ ఖగోళ మధ్యరేఖ మీదే ఉన్నాయి, ఆకాశంలో అన్నిటికన్నా వేగంగా జరిగేది అక్కడే. ధ్రువ నక్షత్రం వైపు తిప్పితే అదే 18 సెకన్లు హాయిగా చెల్లుతాయి. ఓరియన్‌కు మాత్రం పది సెకన్ల దగ్గర ఆగడం మేలు.

షట్టర్ లెక్క తేలినంత సులువుగా ఫోకస్ తేలదు. చెడిపోయిన నక్షత్రాల ఫొటోల్లో ఎక్కువ భాగం ఫోకస్ వల్లే చెడిపోతాయని నా అనుభవం. చీకట్లో ఆటోఫోకస్‌కు పట్టు దొరకదు. లెన్స్ ముందుకూ వెనక్కూ వెతుక్కుని ఎక్కడో ఆగిపోతుంది. సరే అని మాన్యువల్‌కు మార్చి రింగును చివరిదాకా తిప్పేస్తే అదీ తప్పే. చాలా లెన్సులు అనంతాన్ని దాటి కొంచెం ముందుకు కూడా తిరుగుతాయి, వేడికీ చలికీ వచ్చే మార్పుకు చోటుండాలని అలా చేస్తారు.

చేయాల్సిందేమిటంటే, వెనక తెర మీద లైవ్ వ్యూ పెట్టి దూరంగా ఉన్న దీపాన్ని వెతకడం. సెల్ టవర్ ఎర్ర దీపం గానీ, పొలాల అవతలి వీధి లైటు గానీ సరిపోతుంది. ఈ లెన్స్‌కు రెండొందల మీటర్ల అవతల ఉన్నదేదైనా నక్షత్రమంత దూరం కిందే లెక్క. దీపం లేకపోతే ఓరియన్‌కు దిగువన మెరిసే సిరియస్ ఉంది. జూమ్ రింగు జోలికి పోకుండా, తెర మీది చిత్రాన్ని మాత్రం భూతద్దం బటన్‌తో పది రెట్లు పెంచి, ఫోకస్ రింగును వెంట్రుకవాసి చొప్పున తిప్పాలి. వెలుగు ముద్ద చిన్నదవుతూ, చిన్నదవుతూ వచ్చి మళ్లీ ఉబ్బడం మొదలుపెడుతుంది. ఆ ఉబ్బడం చూశాకే వెనక్కి రావాలి, లేకపోతే అన్నిటికన్నా చిన్న స్థానం ఏదో తెలియదు. సరిగ్గా కుదిరినప్పుడు సిరియస్ చుట్టూ అంతకుముందు లేని సన్నటి చుక్కలు ఒకటి రెండు తెర మీద పొడుచుకొస్తాయి. అంతకన్నా నమ్మకమైన గుర్తు లేదు.

అక్కడ రింగు కదలకుండా చిన్న టేపు ముక్క అంటించండి. ఆ తర్వాత జూమ్ ముట్టుకుంటే ఫోకస్ మళ్లీ మొదటికొస్తుంది. కొన్ని కొత్త లెన్సులు కెమెరా ఆపి వేస్తే ఫోకస్‌ను మరిచిపోతాయి, వాటితో మళ్లీ చూసుకోక తప్పదు. అరగంట తర్వాత చుక్కలన్నీ దూదిపింజల్లా కనిపిస్తే మాత్రం రింగును అనుమానించకముందు లెన్స్ అద్దం మీదికి టార్చి వేసి చూడండి. జనవరి మంచు పట్టి ఉంటుంది. మెత్తటి గుడ్డతో తుడవాలి, నోటితో ఊదకూడదు.

ఇక ఐఎస్‌ఓ. దాన్ని పెంచితే గరుకు, అంటే నాయిస్, వస్తుందని అందరూ భయపడతారు. అసలు కారణం సెన్సర్‌కు అందిన వెలుతురు తక్కువ కావడం. పది సెకన్లు, ఎఫ్ 3.5 అని ముందే నిర్ణయమైపోయాక లోపలికొచ్చే వెలుతురు మారదు. ఐఎస్‌ఓ 400లో తీసి కంప్యూటర్‌లో వెలుగు పెంచితే గరుకు తగ్గదు, చాలా కెమెరాల్లో ఇంకా పెరుగుతుంది. పల్లె చీకట్లో 3200 పెట్టి, రా ఫైలుగా తీయండి. హిస్టోగ్రామ్ గుట్ట ఎడమ అంచుకు అతుక్కోకుండా కాస్త ఇవతలికి వస్తే సరిపోయినట్టే. చీకట్లో తెర వెలుగును నమ్మి నిర్ణయించుకోవద్దు, కళ్లకు అంతా ప్రకాశవంతంగానే తోస్తుంది. హైదరాబాద్ మేడ మీద ఇదే అమరిక ఆకాశాన్ని నారింజ రంగులో ముంచేస్తుంది. అక్కడ 800కు దిగాల్సిందే.

గరుకును నిజంగా తగ్గించేది ఎక్కువ ఫొటోలు. కదలికలేమీ మార్చకుండా రెండు సెకన్ల టైమర్‌తో పదహారు ఫొటోలు తీసి, సీక్వేటర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వాటి సగటు తీస్తే గరుకు నాలుగో వంతుకు పడిపోతుంది. నక్షత్రం ప్రతి ఫొటోలోనూ ఉంటుంది, గరుకు ఒక్కోసారి ఒక్కో చోట పడుతుంది, అందుకని సగటులో అది పలచబడుతుంది. నాలుగు ఫొటోలతో సగానికి తగ్గుతుంది, పదహారుతో నాలుగో వంతుకు. ఆపైన లాభం నెమ్మదిస్తుంది.

అన్ని ఫొటోల్లోనూ ఒకే చోట కదలకుండా ఉండే ఎర్ర, నీలి చుక్కలు నక్షత్రాలు కావు, వేడెక్కిన పిక్సెళ్లు. మే నెల రాత్రుల్లో ఇవి బాగా ఎక్కువ. నక్షత్రాలను ఒకదాని మీద ఒకటి సర్దినప్పుడు ఇవి వరుసగా జరిగి చుక్కల గీతల్లా బయటపడతాయి. కెమెరాలోని లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ వీటిని తీసేస్తుంది కానీ, ప్రతి ఫొటో తర్వాతా మరో పది సెకన్లు షట్టర్ మూసి పెట్టుకుని కూర్చుంటుంది. దాన్ని ఆపేసి, చివర్లో లెన్స్‌కు మూత పెట్టి అదే పది సెకన్లు, అదే ఐఎస్‌ఓతో ఓ ఐదారు నల్ల ఫొటోలు తీసి సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే పని తొందరగా అవుతుంది.

ఫ్రేములో కొబ్బరి చెట్టో, గుడి గోపురమో ఉంటే ఇంకో చిక్కు. నక్షత్రాలను సర్దే క్రమంలో కదలని నేల మసకబారుతుంది. సీక్వేటర్‌లో నేల భాగాన్ని గుర్తించి స్థిరంగా ఉంచే వీలుంది, దాన్ని ఎంచుకుంటే చెట్టు చెట్టులాగే మిగులుతుంది.