8 నుంచి 5.6కి: లాభాల మార్జిన్ తగ్గింది ఎంత?

కంపెనీ యాన్యువల్ రిపోర్టు చేతికొస్తే చాలామంది వాటాదారులు చైర్మన్ లేఖ చదువుతారు, డివిడెండ్ ఎంతో చూసుకుంటారు, అంతటితో పక్కన పెట్టేస్తారు. రిపోర్టులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది మాత్రం ఆర్థిక నివేదికల నోట్సు దాదాపు ముగిసే చోట ఉండే రేషియోల పట్టిక. అందులో ఈ ఏడాది అంకె, కిందటి ఏడాది అంకె, మార్పు శాతం, మార్పుకు కారణం అని వరసగా గళ్లు ఉంటాయి. 2021 మార్చిలో కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ కంపెనీల చట్టంలోని మూడో షెడ్యూలును సవరించి, 11 రేషియోలను ఇలా చూపడం తప్పనిసరి చేసింది. ఏ రేషియో అయినా కిందటి ఏడాదితో పోలిస్తే 25 శాతం కన్నా ఎక్కువ మారితే, ఎందుకు మారిందో కంపెనీ రాసి తీరాలి.

ఈ 25 శాతం అనే గీత దగ్గరే ఒక తికమక నడుస్తుంది. ఒక ఊహా కంపెనీని తీసుకుని అంకెలతోనే చూద్దాం.

కిందటి ఏడాది ఆ కంపెనీ టర్నోవర్ 1,240.6 కోట్లు, నికర లాభం 99.2 కోట్లు. ఈ ఏడాది టర్నోవర్ 1,371.2 కోట్లకు పెరిగింది, లాభం 76.8 కోట్లకు పడింది. చైర్మన్ లేఖలో ‘అమ్మకాలు 10.5 శాతం పెరిగాయి, నికర లాభ మార్జిన్ 2.4 శాతం మాత్రమే తగ్గింది’ అని ఉంది. రేషియోల పట్టికలో నికర లాభ నిష్పత్తి వరసలో 5.6%, 8.0%, మార్పు -2.4% అని ఉంది. కారణం గడి ఖాళీ. మార్పు 25 శాతం దాటలేదు కాబట్టి వివరణ అక్కర్లేదన్నమాట.

ముందు అమ్మకాల సంగతి. పెరిగింది 130.6 కోట్లు. దాన్ని కిందటి ఏడాది అంకెతో, అంటే 1,240.6తో భాగిస్తే 10.5 శాతం వస్తుంది. లేఖలో రాసింది సరిపోయింది. ఇక్కడ జారిపడే చోటు ఒక్కటే: పొరపాటున ఈ ఏడాది అంకెతో భాగిస్తే 9.5 వస్తుంది. ఎక్కడినుంచి మారిందో ఆ పాత అంకే ఎప్పుడూ కింద ఉండాలి.

ఇక మార్జిన్. 99.2ను 1,240.6తో భాగిస్తే 8.0 శాతం. 76.8ను 1,371.2తో భాగిస్తే 5.6 శాతం. రెండూ పట్టికలో ఉన్నవే. కానీ 8.0 లోంచి 5.6 తీసేస్తే మిగిలే 2.4 శాతం కాదు, 2.4 శాతం పాయింట్లు. 8.0లో 2.4 ఎంత భాగమో చూస్తేనే మార్పు శాతం తెలుస్తుంది. అది 30. అంటే వంద రూపాయల అమ్మకం మీద ఎనిమిది రూపాయలు మిగులుతున్న చోట ఇప్పుడు అయిదు రూపాయల అరవై పైసలే మిగులుతోంది, మార్జిన్‌లో మూడో వంతుకు కాస్త తక్కువ పోయింది. 25 గీత దాటినందున ఆ ఖాళీ గడిలో కారణం ఉండాల్సిందే.

నమ్మకం కుదరకపోతే తిరగేసి చూడండి. మార్జిన్ నిజంగానే 2.4 శాతం తగ్గి ఉంటే, 8.0 కాస్తా 7.8 అయ్యేది. 1,371.2 కోట్ల అమ్మకాల మీద 7.8 శాతం అంటే దాదాపు 107 కోట్ల లాభం. రిపోర్టులో ఉన్నది 76.8. ఒక్క పదం తేడాలో 30 కోట్లు కనిపించకుండా పోయాయి. ఈ తిరగేసే పద్ధతిలో ఉన్న మేలు ఏమిటంటే, జవాబు రూపాయల్లో వస్తుంది, రూపాయల దగ్గర తికమకకు చోటుండదు.

ఈ తప్పు ఎలా దొర్లుతుంది? చాలాసార్లు దురుద్దేశం వెతకనక్కర్లేదు, ఎక్సెల్ షీటు చాలు. ఈ ఏడాది అంకె B5లో, కిందటి ఏడాదిది C5లో ఉన్నాయనుకోండి. మార్పు గడిలో ఉండాల్సిన ఫార్ములా ఇది:

```
=B5/C5-1
```

దాని బదులు ఎవరో ఇలా కొడతారు:

```
=B5-C5
```

ఆ గడి శాతం ఫార్మాట్‌లో ఉంటే ఎక్సెల్ -2.4% అని నిక్షేపంగా చూపిస్తుంది. పాయింట్లనే మాట దానికి తెలియదు. పైగా ఈ పొరపాటు ఎక్కువగా దాగేది శాతాల్లో చెప్పే రేషియోల దగ్గరే. కరెంట్ రేషియో 1.60 నుంచి 1.36కు పడితే దాని మార్పును అలవాటుగా భాగించి -15% అని సరిగ్గానే వేస్తారు. కింద నికర లాభ నిష్పత్తికి వచ్చేసరికి రెండూ ముందే శాతాలు కదా అని తీసివేతతో సరిపెడతారు. అందుకే పట్టికలో ఒక్క వరస సరిచూసి ఊరుకోవద్దు. ‘కరెంట్ రేషియో’ లాంటిది ఒకటి, ‘రిటర్న్ ఆన్ ఈక్విటీ’ లాంటి శాతం రేషియో ఒకటి, రెండూ వేసి చూడాలి. ఒకే నిలువు గడుల్లో రెండు రకాల లెక్క నడుస్తుంటే అక్కడే బయటపడుతుంది.

పాయింట్లలో చెప్పడం తప్పేమీ కాదు. 2025 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు రెపో రేటును 6.50 నుంచి 6.25 శాతానికి తగ్గించినప్పుడు దాన్ని 25 బేసిస్ పాయింట్లన్నారు. శాతం పాయింటులో నూరో వంతు ఒక బేసిస్ పాయింటు. వడ్డీ రేట్ల విషయంలో అదే తేటగా ఉంటుంది. నాకు అభ్యంతరమల్లా, ఒకే రిపోర్టులో పెరిగిన మార్జిన్‌ను శాతంలోనూ తగ్గిన మార్జిన్‌ను పాయింట్లలోనూ చెప్పి, రెండిటికీ ఒకే శాతం గుర్తు తగిలించడం మీద. 2 నుంచి 3కు పెరిగితే 50 శాతం, 3 నుంచి 2కు పడితే ఒక శాతం అని రాస్తే చదివేవాడికి అన్యాయం జరిగినట్టే.

లెక్క వేసేవాళ్లూ కొన్నిటి దగ్గర జాగ్రత్తగా ఉండాలి. ముఖ్యమైంది దశాంశాల సర్దుబాటు. మార్జిన్ 0.4 నుంచి 0.5కు పెరిగిందని అచ్చయితే మార్పు 25 శాతమని తేల్చేయకూడదు. అసలు అంకెలు 0.44, 0.46 కావచ్చు, 0.36, 0.54 కావచ్చు. మొదటిదైతే మార్పు 5 శాతం లోపు, రెండోదైతే 50 శాతం. చిన్న అంకెలున్నప్పుడు కోట్లలో ఉన్న మూల అంకెల నుంచే రేషియోను మళ్లీ కట్టుకోవాలి. లవంలో, హారంలో ఏమేం కలిపారో కంపెనీ చెప్పాలన్న నియమం కూడా ఉంది కాబట్టి, టర్నోవర్ తీసుకున్నారా, ఇతర ఆదాయంతో కలిపి మొత్తం ఆదాయం తీసుకున్నారా అన్నది అక్కడే తెలుస్తుంది. కిందటి ఏడాది అంకెను పాత రిపోర్టు నుంచి కాక ఈ రిపోర్టులోని పక్క నిలువు వరస నుంచే తీసుకోండి. పద్దులను తిరిగి వర్గీకరిస్తే పాత అంకెలు మారిపోయి ఉంటాయి. కిందటి ఏడాది నష్టం వచ్చి ఈ ఏడాది లాభం వస్తే మాత్రం మార్పు శాతానికి అర్థమే లేదు. 10 కోట్ల నష్టం 5 కోట్ల లాభమైతే సూత్రం ‘మైనస్ 150 శాతం’ అంటుంది, జరిగిందేమో మెరుగుదల. అక్కడ రూపాయల్లోనే మాట్లాడాలి.

తేడా దొరికితే కంపెనీ సెక్రటరీకి రాయవచ్చు, వార్షిక సర్వసభ్య సమావేశంలో అడగవచ్చు. ప్రశ్న చిన్నదిగా ఉండాలి: ‘నికర లాభ నిష్పత్తి 8.0 నుంచి 5.6 శాతానికి పడింది, ఇది 30 శాతం తగ్గుదల. రేషియోల నోట్‌లో 2.4 అని వేశారు, కారణం ఇవ్వలేదు. ముడిసరుకు ధర పెరిగిందా, వడ్డీ భారం పెరిగిందా, ధర తగ్గించి అమ్మారా?’